కౌసల్య అన్నది పేరేనా? ఇతిహాస పాత్రల పేర్లను చదవడం ఎలా?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు దగ్గర్లో చంద్‌ఖురి అనే ఊరుంది. ఆ ఊరి చెరువు నడుమ దిబ్బ మీద కౌసల్య గుడి ఉంది. రాముడి తల్లి పుట్టిల్లు ఇదేనని స్థానికుల నమ్మకం. రాష్ట్ర ప్రభుత్వం 'రామ్ వన్ గమన్' పర్యాటక పథకం కింద ఈ గుడి ఆవరణను బాగు చేయించి 2021 అక్టోబరులో ప్రారంభించింది. ఈ నమ్మకం గుడి దగ్గరే ఆగిపోలేదు. ఛత్తీస్‌గఢ్‌లో చాలా ఇళ్లలో మేనమామ మేనల్లుడి కాళ్లకు దండం పెడతాడు. వయసులో చిన్నవాడు పెద్దవాళ్ల కాళ్లకు మొక్కడమే చూసినవారికి ఇది వింతగా ఉంటుంది. కారణం అడిగితే, రాముడు తమ ఆడపడుచు కొడుకని, అంటే ఆ నేలకంతటికీ మేనల్లుడని చెబుతారు.

ఇంతటి సంప్రదాయానికి ఆధారం ఏమిటని వెతికితే చివరికి మిగిలేది ఒక్క పేరు. కౌసల్య అంటే 'కోసల దేశపు ఆడపడుచు'. ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి పాత పేరు దక్షిణ కోసల. ఈ రెండూ కలిసి చంద్‌ఖురిని రాముడి అమ్మమ్మగారి ఊరు చేశాయి.

ఒక పేరు ఇంత బరువు మోయగలదా? మోస్తే ఎంతవరకు? ఇతిహాసాల్లో దాదాపు ప్రతి పేరుకూ అర్థం ఉంటుందని అందరికీ తెలుసు. అయితే ఆ అర్థం అన్నిచోట్లా ఒకే రకంగా ఏర్పడదు. కొన్ని పేర్లు మనిషి ఎక్కడివాడో, ఎవరి బిడ్డో చెబుతాయి. కొన్ని గుణాన్నో, గొప్పనో చాటుతాయి. కొన్ని జరిగిన సంఘటనను గుర్తు పెడతాయి. ఏ పేరు ఏ రకమో తేల్చుకోకుండా అర్థం చెప్పబోతే చాలాసార్లు తప్పులో కాలేస్తాం.

మొదటి అక్షరం సాగితే వంశమో, దేశమో

కౌసల్య పేరులో గమనించాల్సింది మొదటి అక్షరం. కోసల అన్న మాటలోని 'కో' ఇక్కడ 'కౌ' అయింది. ఒకదానికి చెందినది, ఒకరికి పుట్టినది అని చెప్పడానికి సంస్కృతం మాట చివర ఒక ప్రత్యయం చేర్చి, తరచుగా మొదటి అచ్చును సాగదీస్తుంది. వ్యాకరణంలో దీన్ని వృద్ధి అంటారు. అ ఉన్నచోట ఆ, ఇ లేదా ఏ ఉన్నచోట ఐ, ఉ లేదా ఓ ఉన్నచోట ఔ వస్తాయి. ఇది మనకు కొత్తదేమీ కాదు. శివుడి నుంచి శైవం, విష్ణువు నుంచి వైష్ణవం, సుందరం నుంచి సౌందర్యం ఇలా వచ్చినవే.

ఈ ఒక్క సూత్రం చేతిలో ఉంటే చాలా పేర్లు తెరుచుకుంటాయి. కేకయ రాజు కూతురు కైకేయి. ద్రుపదుడి కూతురు ద్రౌపది. జనకుడి కూతురు జానకి, విదేహ దేశపు పిల్ల వైదేహి, మిథిలకు చెందినది మైథిలి. మద్ర దేశం నుంచి మాద్రి. గంధార దేశం నుంచి గాంధారి. మగవాళ్లలో పృథ కొడుకు పార్థుడు, వసుదేవుడి కొడుకు వాసుదేవుడు, పాండురాజు కొడుకులు పాండవులు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో తంబూర పట్టుకుని భారతం చెప్పే 'పండవానీ' కళకు పేరు వచ్చిందీ ఈ పాండవుల నుంచే.

ఈ జాబితాలో స్త్రీల పేర్లు ఎక్కువగా ఉండటం కాకతాళీయం కాదు. గాంధారి సొంత పేరు ఏమిటో భారతం చెప్పదు. మాద్రి, కైకేయి, కౌసల్యల విషయమూ అంతే. వాళ్లు అత్తవారింట పుట్టింటి గుర్తుతో బతికారు. పల్లెల్లో కోడలిని 'ఫలానా ఊరమ్మాయి' అని పిలవడంలో ఉన్న పద్ధతే ఇది. కుంతి కొంత వేరు. ఆమె పుట్టినప్పటి పేరు పృథ. కుంతిభోజుడు పెంచుకున్నాక కుంతి అయింది. దశరథుడి ముగ్గురు ప్రధాన భార్యల్లో సుమిత్ర ఒక్కతే ఈ లెక్కకు లొంగదు. ఆ పేరుకు 'మంచి స్నేహం గలది' అని అర్థం చెప్పుకోవచ్చు కానీ, అందులో ఏ దేశమూ లేదు.

ఇక్కడ జరిగే పొరపాటుకు మంచి ఉదాహరణ యాజ్ఞసేని. ద్రౌపది యజ్ఞకుండంలో పుట్టింది కాబట్టి ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. కథకు చక్కగా అతుకుతుంది కూడా. కానీ ద్రుపదుడికి యజ్ఞసేనుడనే మరో పేరుంది. 'య' సాగి 'యా' అయిందంటే ఇది తండ్రి పేరు నుంచి వచ్చినదని అర్థం. అందుకే యజ్ఞకుండంలో పుట్టని శిఖండిని కూడా భారతం యాజ్ఞసేని అని పిలుస్తుంది. పేరులోని ఒక ముక్కను పట్టుకుని కథ అల్లేముందు మొదటి అక్షరం వైపు చూడాలి.

కోసలమా, కుశలమా?

కౌసల్య పేరుకూ ఇలాంటి చిక్కే ఉంది. హిందీలో ఈ పేరును ఎక్కువగా 'కౌశల్య' అని రాస్తారు. చంద్‌ఖురి గుడి పేరూ అలాగే కనిపిస్తుంది. తెలుగులోనూ ఆ రూపం వాడేవాళ్లున్నారు. 'శ'తో రాస్తే ఆ మాట కుశలం నుంచి వచ్చిన కౌశలానికి దగ్గరవుతుంది. అప్పుడు 'నేర్పరి', 'క్షేమం కలిగించేది' అని గుణం చెప్పాలనిపిస్తుంది. పిల్లల పేర్ల పుస్తకాల్లో కనిపించే అర్థం ఇదే. 'స'తో రాస్తే మాత్రం అది కోసల. గుణమంతా పోయి దేశం మిగులుతుంది.

ఈ రెండింటిలో ఏది నిలుస్తుందో చెప్పడానికి పాణిని సాయపడతాడు. దేశం పేరుకు ప్రత్యయం చేర్చి రాజవంశీయుల పేర్లు ఎలా చేయాలో చెప్పే భాగంలో (4-1-171) ఆయన కోసల అన్న పేరును ప్రత్యేకంగా ఎత్తి చెప్పాడు. ఆ సూత్రం ప్రకారం కోసల రాజవంశంవాడు కౌసల్యుడు, స్త్రీ అయితే కౌసల్య. పక్కన ఉన్న కైకేయి కూడా దేశం పేరుతోనే ఉండటం ఈ అర్థాన్నే బలపరుస్తుంది. అందువల్ల 'స' రూపమే పాతది, దేశం అర్థమే సరైనది. చంద్‌ఖురి వాదానికి కావలసిందీ ఇదే. తమాషా ఏమిటంటే, గుడి బోర్డు మీది 'శ' ఆ వాదానికి పనికిరాదు, తెలుగువారు రాసే 'స' పనికొస్తుంది.

మరి ఏ కోసల? దశరథుడు ఏలిన అయోధ్య కూడా కోసల దేశంలోదే. తన దేశపు పిల్లను ఆ దేశం పేరుతో పిలవడంలో అర్థం లేదు కాబట్టి ఇంకో కోసల ఉండాలన్నది ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వినిపించే వాదన. దీనికి వాల్మీకిలో రెండు ఊతాలు దొరుకుతాయి. బాలకాండలో దశరథుడి అశ్వమేధానికి పిలవాల్సిన రాజుల జాబితాలో కోసల రాజు భానుమంతుడు ఉన్నాడు. ఆతిథ్యమిచ్చే రాజే అతిథి కాలేడు గనుక ఈయన వేరే కోసలకు రాజై ఉండాలి. ఉత్తరకాండ చివర రాముడు కుశుడికి కోసలను, లవుడికి ఉత్తర కోసలను ఇస్తాడు. కుశుడి రాజధాని కుశావతి వింధ్య పర్వతాల చెంత ఉంది. అంటే రామాయణ సంప్రదాయానికి రెండు కోసలలు తెలుసు.

శాసనాల్లో దక్షిణాది కోసల స్పష్టంగానే కనిపిస్తుంది. నాలుగో శతాబ్దపు అలహాబాద్ స్తంభ శాసనంలో సముద్రగుప్తుడు జయించిన దక్షిణాపథ రాజుల వరుస కోసల మహేంద్రుడితో మొదలవుతుంది. నేటి ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఒడిశా పడమటి భాగం ఆ దేశంలోకి వస్తాయి.

అయినా కొన్ని మెట్లు ఖాళీగానే ఉన్నాయి. భానుమంతుడు కౌసల్య తండ్రి అని బాలకాండ అనదు. ఆ మాట స్థానిక సంప్రదాయం చెబుతుంది. పైగా 'భానుమంతుడు' అంటే కాంతిమంతుడు. దాన్ని రాజు పేరుగా కాక విశేషణంగా చదవడానికీ వీలుంది. ఇక చంద్‌ఖురి ఊసు వాల్మీకిలో లేనే లేదు. కౌసల్య అన్న పేరు మనల్ని కోసల సరిహద్దు దాకా తీసుకెళుతుంది. అక్కడి నుంచి ఊరి చెరువు దాకా నడిపించేది జనం నమ్మకం. మేనల్లుడి కాళ్లకు మొక్కేవారికి ఆ నమ్మకం చాలు. చరిత్ర కావాలనుకునేవారు మాత్రం వ్యాకరణం ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోవాలి.

'దుర్' అంటే ఎప్పుడూ చెడ్డ కాదు

రెండో రకం గొప్ప చాటే పేర్లు. ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఏ తల్లిదండ్రులైనా కొడుక్కి దుర్యోధనుడు, దుశ్శాసనుడు అని పేరు పెడతారా? ఈ ప్రశ్నకు బాగా చెలామణీలో ఉన్న జవాబు, అసలు పేరు సుయోధనుడని, గెలిచినవాళ్లు దాన్ని దుర్యోధనుడిగా మార్చేశారని. ఎన్టీఆర్ 'దాన వీర శూర కర్ణ' (1977) తర్వాత తెలుగువారికి సుయోధనుడన్న పేరు మరింత దగ్గరైంది. అందుకే ఈ జవాబు మన దగ్గర బాగా నాటుకుంది.

అయితే 'దుర్' అన్న ఉపసర్గ రెండు పనులు చేస్తుంది. తర్వాత వచ్చేది వస్తువునో, గుణాన్నో చెప్పే నామవాచకమైతే దానికి 'చెడ్డ' అన్న అర్థం వస్తుంది. దుర్జనుడు, దుర్గుణం, దుర్వార్త, దుర్మార్గం అలాంటివి. తర్వాత వచ్చేది ఒక పనిని చెప్పే ధాతువు నుంచి పుట్టిన మాటైతే, ఆ పని చేయడం 'కష్టం' అని అర్థం. దొరకడం కష్టమైనది దుర్లభం. ఛేదించడం కష్టమైనది దుర్భేద్యం. సహించలేనిది దుస్సహం. చేరుకోవడం కష్టమైన కోట దుర్గం. రాయ్‌పూర్‌కు పడమట ఉన్న దుర్గ్ పట్టణం పేరు ఈ మాటే. దుర్గ్ అంటే చెడ్డ ఊరని ఎవరూ అనుకోరు.

దుర్యోధనుడి పేరులో ఉన్నది 'యుధ్', అంటే పోరాడటం. ఎవరితో పోరాడటం కష్టమో అతను దుర్యోధనుడు. దుశ్శాసనుడిలో ఉన్నది 'శాస్', అంటే అదుపు చేయడం. ఎవరిని అదుపు చేయడం కష్టమో అతను దుశ్శాసనుడు. ఇది దుర్యోధనుడి మీద జాలితో ఈనాడు చేసిన వ్యాఖ్యానం కాదు. పాణిని సూత్రాలకు పాతకాలంలో రాసిన కాశికావృత్తి ఈ రకం మాటలకు ఉదాహరణలు ఇస్తూ దుశ్శాసనుడు, దుర్యోధనుడు, దుర్దర్శనుడు, దుర్ధర్షణుడు, దుర్మర్షణుడు అన్న ఐదింటినీ ఒకే వరుసలో పెట్టింది. ఇవి అన్నీ 'కష్టం' అర్థంలోనివే. క్షత్రియుల ఇంట కొడుకును చూసి శత్రువు భయపడాలని పెట్టిన పేర్లు ఇవి.

ఇంతకూ సుయోధనుడి సంగతేమిటి? భారతంలో ధర్మరాజు దుర్యోధనుణ్ని తరచుగా సుయోధనుడనే పిలుస్తాడు. రెండు పేర్లూ ఒకే గ్రంథంలో పక్కపక్కన ఉన్నాయి. ఎవరో దాచేసిన రహస్యమేమీ లేదు. పైగా పై లెక్కను 'సు'కు అన్వయిస్తే ఫలితం తలకిందులవుతుంది. సులభం అంటే తేలిగ్గా దొరికేది. సుకరం అంటే తేలిగ్గా చేయగలిగేది. ఆ దారిలో సుయోధనుడంటే 'తేలిగ్గా పోరాడదగినవాడు' అవుతాడు. 'చక్కగా పోరాడేవాడు' అని చెప్పడానికి ఇంకో దారి ఉంది, వాడుకలో నిలిచిందీ ఆ అర్థమే. కానీ రెండింటిలో వీరుడికి ఎక్కువ నప్పే పేరు ఏదని అడిగితే వ్యాకరణం దుర్యోధనుడి వైపే మొగ్గుతుంది.

కథ వినే జనానికి మాత్రం 'దుర్' అనగానే చెడ్డ వినిపిస్తుంది. దాన్ని తప్పనడానికి లేదు. పేరు పెట్టినవారి అర్థం ఒకటి, కథ నడిచాక ఆ పేరు పులుముకున్న అర్థం మరొకటి. పండవానీలో ఇది బాగా తెలుస్తుంది. 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్ బాయి దుర్గ్ ప్రాంతం నుంచే వచ్చారు. ఆమె ప్రదర్శనల్లో పేరుపడ్డ ఘట్టం దుశ్శాసన వధ. తంబూర ఒక్కసారి గదగా మారి భీముడు రంగంలోకి దిగినప్పుడు, అదుపు చేయలేనివాడన్న పేరున్నవాణ్ని అదుపు చేసే మనిషి వచ్చాడన్నమాట. భీముడంటేనే భయంకరుడు. రెండు పేర్లూ ఢీకొంటాయి. సంస్కృతం రాని ప్రేక్షకుడికి ఆ విషయం అర్థంగా కాక ఆటగా అందుతుంది.

అర్జునుడే చెప్పిన పాఠం

మూడో రకం పేర్లను ఎలా చదవాలో భారతమే నేర్పుతుంది. విరాటపర్వంలో బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు జమ్మిచెట్టు దగ్గర ఉత్తరుడికి తానెవరో చెబుతాడు. ఉత్తరుడు వెంటనే నమ్మడు. అర్జునుడికి పది పేర్లున్నాయని విన్నాను, అవి చెప్పు, ఎందుకొచ్చాయో కూడా చెప్పు, అప్పుడు నమ్ముతానంటాడు. పేర్లు ఎవరైనా బట్టీ పట్టవచ్చు, వెనకున్న సంగతి అసలు మనిషికే తెలుస్తుందన్నది అతని ఆలోచన. నేడు గుర్తింపు కార్డు అడిగినట్టు అతను పేర్ల కథలు అడిగాడు.

అర్జునుడి జవాబులు వరుసగా చూస్తే పేర్లు ఎన్ని దారుల్లో పుడతాయో తెలుస్తుంది. రాజ్యాలు గెలిచి ధనం తెచ్చాడు కాబట్టి ధనంజయుడు. శత్రువును గెలవకుండా వెనక్కి రాడు కాబట్టి విజయుడు. గెలిచే స్వభావం ఉంది కాబట్టి జిష్ణువు. రథానికి తెల్ల గుర్రాలు కాబట్టి శ్వేతవాహనుడు. రెండు చేతులతోనూ గాండీవం లాగుతాడు కాబట్టి సవ్యసాచి. ఇంద్రుడు తలకు కిరీటం పెట్టాడు కాబట్టి కిరీటి. ఉత్తర ఫల్గుణీ నక్షత్రంలో పుట్టాడు కాబట్టి ఫల్గుణుడు. యుద్ధంలో రోత పుట్టించే పని చేయడు కాబట్టి బీభత్సుడు. మిగిలిన రెండు అర్జునుడు, కృష్ణుడు.

బీభత్సుడి దగ్గర ఆగాలి. తెలుగులో బీభత్సం అంటే భయంకరమైన గందరగోళం. ఆ అర్థంతో చదివితే ఈ పేరు 'బీభత్సం సృష్టించేవాడు' అవుతుంది. అర్జునుడు చెప్పింది సరిగ్గా దానికి ఎదురు. ఆ మాట రూపాన్ని బట్టి 'బీభత్సు' అంటే రోతపడేవాడు, అసహ్యించుకుని వెనక్కి తగ్గేవాడు. నీచమైన పని అంటే అతనికి రోత. వాడుకలో మాట అర్థం మారిపోయినప్పుడు, పాత పేరును నేటి అర్థంతో చదవకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

చివరి రెండు పేర్లు ఇంకా ఆసక్తికరం. అర్జున అంటే తెలుపు. కృష్ణ అంటే నలుపు. ఒకే మనిషికి రెండూ ఎలా? కృష్ణుడన్నది నల్లని పిల్లవాణ్ని చూసి తండ్రి ముద్దుగా పిలిచిన పేరని అతను చెబుతాడు. అర్జునుడన్న పేరు దగ్గర తన వంటి వర్ణం భూమి మీద దొరకదని చెప్పి, తాను చేసే పని శుద్ధమైనదని కలుపుతాడు. ఇక్కడి తెలుపు చర్మం రంగు దగ్గర ఆగలేదు, నడవడిక మీదికి జరిగింది. శతపథ బ్రాహ్మణం అర్జున అన్నది ఇంద్రుడి రహస్య నామమని చెబుతుంది. ఇంద్రుడి కొడుక్కి ఆ పేరు రావడం వెనక ఈ పాత జాడ కూడా ఉండవచ్చు. ఒక్కో పేరుకు ఒక్కటే కారణం ఉండాలన్న నియమం లేదు. కథకుడు తన కథకు కావలసిన కారణాన్ని ముందుకు తెస్తాడు.

రావణుడి పేరు కూడా ఇలా సంఘటనలోంచి పుట్టిందే. ఉత్తరకాండ ప్రకారం అతని మొదటి పేరు దశగ్రీవుడు, అంటే పది మెడలవాడు. కైలాసాన్ని ఎత్తబోతే శివుడు కాలివేలితో నొక్కాడు. చేతులు ఇరుక్కుని అతను పెట్టిన కేకకు మూడు లోకాలూ వణికాయి. ఆ 'రావం' వల్ల శివుడే రావణుడని పేరు పెట్టాడు. ఆర్తరావం అన్న మాటలో ఉన్న రావమే ఇది. లోకాన్ని ఏడిపించేవాడన్న ఖ్యాతి తెచ్చిన పేరు అతను తానే బాధతో అరిచిన రోజున వచ్చింది. అతని కొడుకు పుట్టగానే ఉరుములా ఏడ్చి మేఘనాదుడయ్యాడు, ఇంద్రుణ్ని గెలిచి ఇంద్రజిత్తు అయ్యాడు. ఇలాంటి పేర్లు చదివేటప్పుడు ఆ పేరు ఎప్పటి నుంచి ఉందో చూడాలి. సంఘటనకు ముందు అతన్ని ఏమని పిలిచారో తెలిస్తేనే కొత్త పేరు బరువు తెలుస్తుంది.

ఇన్ని పేర్లు ఎందుకు?

ఒక కారణం పూర్తిగా పనికి సంబంధించినది. ఈ కథలు ఛందస్సులో, నోటి నుంచి నోటికి నడిచాయి. శ్లోకంలో రెండు అక్షరాల జాగా ఉంటే పార్థుడు సరిపోతాడు, నాలుగు కావాలంటే ధనంజయుడు వస్తాడు. అమెరికా పండితుడు మిల్మన్ ప్యారీ 1928లో హోమర్ కావ్యాల మీద వెలువరించిన పరిశోధన కూడా ఇదే చూపింది. అక్కడ వీరుల పేర్లకు అంటిపెట్టుకుని వచ్చే విశేషణాలు చాలావరకు పాదంలో మిగిలిన జాగాను బట్టి ఎంపికవుతాయి. అందుకే అర్జునుణ్ని సవ్యసాచి అన్న ప్రతిచోటా అతను రెండు చేతులతో బాణం వేస్తున్నాడని అనుకోనక్కర్లేదు.

తెలుగులో ఈ అవసరం ఇంకో రూపం తీసుకుంది. మన పద్యానికి యతి ఉంది. పాదం మొదటి అక్షరంతో మధ్యలో మరో అక్షరానికి మైత్రి కుదరాలి. కాబట్టి ఒకే మనిషికి వేర్వేరు అక్షరాలతో మొదలయ్యే పేర్లు కవికి పెట్టుబడి. సంస్కృతం ఇచ్చినవి చాలక తెలుగు తన పేర్లు చేసుకుంది. కిరీటి క్రీడి అయ్యాడు. బీభత్సుడు వివ్వచ్చుడు అయ్యాడు. సవ్యసాచి కవ్వడి అయ్యాడు. భీముడికి వడముడి అన్న పేరు వచ్చింది. భారత పద్యాలు చదివేవారికి ఈ పేర్లు కొత్త పాత్రల్లా కనిపించి తికమక పెట్టడం మామూలే.

రెండో కారణం కథకు సంబంధించినది. ఎవరు ఎవరిని ఏ పేరుతో పిలిచారన్నది వాళ్ల మధ్య సంబంధాన్ని చెబుతుంది. కర్ణుడు కుంతి కొడుకు కాబట్టి కౌంతేయుడు, రాధ పెంచింది కాబట్టి రాధేయుడు. రెండూ తల్లి పేరు నుంచి వచ్చినవే, రెండూ నిజమే. ఉద్యోగపర్వంలో అతని పుట్టుక రహస్యం విప్పిన కృష్ణుడు, వచ్చి పాండవులతో కలువు, పెద్దవాడిగా రాజ్యం నీదేనంటాడు. కర్ణుడు ఒప్పుకోడు. తనకు పాలిచ్చిందీ, పెంచిందీ రాధ అంటాడు. ఆ సంభాషణంతా కౌంతేయుడా, రాధేయుడా అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అతను పేరును ఎంచుకున్నాడు, దానితోపాటు చావునూ ఎంచుకున్నాడు.

పేరును జాతకంగా చదవకూడదు

పేర్లకు అర్థం ఉంది కాబట్టి పాత్రలన్నీ ఆ అర్థం కోసమే కల్పించారని అనేవాళ్లున్నారు. ధృతరాష్ట్రుడి పేరునే చూపిస్తారు. రాజ్యాన్ని పట్టి ఉంచినవాడని దాని అర్థం. గుడ్డితనం వల్ల మొదట రాజ్యం దక్కనివాడికి, దక్కాక వదలలేనివాడికి ఆ పేరు ఎంతో చక్కగా కుదిరింది. కానీ విచిత్రవీర్యుడి కొడుకైన ధృతరాష్ట్రుడు భారతం కంటే పాతదైన కాఠక సంహితలోనే కనిపిస్తాడు. అంటే పేరు ముందు నుంచీ ఉంది. కథ పెరిగే కొద్దీ ఆ పేరులోని వ్యంగ్యం బయటపడింది. పేరుకూ పాత్రకూ పొంతన కుదిరినంత మాత్రాన పేరు పాత్ర కోసమే పుట్టిందని తేలదు.

రాయ్‌పూర్‌కు తూర్పున మహాసముంద్ జిల్లాలో ఉన్న సిర్‌పూర్ ఈ మాటకు చివరి పరీక్ష పెడుతుంది. దక్షిణ కోసలను ఏలిన పాండువంశీయుల రాజధాని అయిన శ్రీపురం ఇదే. వాళ్లలో ప్రసిద్ధుడు మహాశివగుప్త బాలార్జునుడు. వంశానికి పాండు పేరు, రాజుకు అర్జునుడి పేరు. అంతమాత్రాన వీళ్లు భారతంలోని పాండవులు కారు. ఇతిహాసం చచ్చిపోయిన కథ కాదని, అందులోని పేరు తగిలించుకుంటే విలుకాడన్న కీర్తి దానంతట అదే వస్తుందని తెలిసిన రాజులు. ఆయన తల్లి వాసట భర్త హర్షగుప్తుడి స్మృతిలో ఇటుకలతో కట్టించిన గుడి ఇప్పటికీ నిలిచి ఉంది. దాన్ని అందరూ లక్ష్మణ మందిరం అంటారు. నిజానికి అది విష్ణువు గుడి.

చంద్‌ఖురి నుంచి సిర్‌పూర్ దాకా పేర్లు చూస్తూ వెళ్లేవారు ప్రతి పేరునూ నాలుగు మాటలు అడిగితే చాలు. మొదటి అక్షరం సాగిందా? లోపల ఉన్నది వస్తువా, పనా? ఈ పేరు ఎప్పుడు వచ్చింది, ఆ సంగతి కథే చెప్పిందా, తర్వాతివాళ్లు అన్నారా? పిలుస్తున్నది ఎవరు? వీటికి జవాబు దొరికిన పేరు చాలా చెబుతుంది. దొరకని చోట అర్థం అల్లడం కంటే దాన్ని ఉత్త పేరుగా వదిలేయడమే మేలు.